ఆ ఎనభై శాతం ఎవరి ఖాతాలో వేయాలి?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరులో పిన్ని వాళ్లింట్లో ఉంటూ, పీణ్యలో బాబాయి నడిపే అట్టపెట్టెల యూనిట్లో రెండేళ్లుగా పని చేస్తున్నాను. బిల్లులు, ఆర్డర్లు చూస్తాను. ఈ మధ్య లింక్డ్ఇన్ పేజీ కూడా నాకే అప్పజెప్పారు.

గాజు సీసాల్లో పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్లో అమ్మే ఒక కంపెనీకి జూన్‌లో పెట్టె మార్చి ఇచ్చాం. పాతది త్రీ ప్లై, అంటే మూడు పొరల అట్ట. రెండు సీసాలకు బబుల్ చుట్టి పక్కపక్కన పెట్టేవాళ్లు. కొత్తది ఐదు పొరల ఫైవ్ ప్లై. సీసాల మధ్య అట్ట పార్టిషన్, కిందా పైనా ప్యాడ్లు ఉంటాయి. ప్యాకింగ్ ఖర్చు పార్శిలుకు 18 రూపాయల నుంచి 31 అయింది. అక్కడ డిస్పాచ్ చూసే అక్క, మన తెలుగావిడే, నా మీద నమ్మకంతో ఎక్సెల్ షీటు పంపింది. ఏప్రిల్, మే నెలల్లో 2,400 పార్శిళ్లు వెళ్తే రిటర్నుల కింద రాసుకున్నవి 312, అందులో పగిలినవి 168. ఆగస్టు, సెప్టెంబరుల్లో 2,600 వెళ్తే రిటర్నులు 169, పగిలినవి 39.

"పెట్టె మార్చి రిటర్నులు 80 శాతం తగ్గించాం" అని క్లయింటు పేరుతో సహా సోమవారం పోస్టు పెట్టమని బాబాయి పట్టు. అక్కేమో "మా పేరు వద్దమ్మా, మా సార్ చూస్తే నా ఉద్యోగానికే ఎసరు" అంటోంది. పైగా జులైలో వాళ్లు ఉత్తరాది పార్శిళ్లకు కొరియర్ కూడా మార్చారు. ఆ మాటంటే బాబాయి "అవన్నీ ఎవడడుగుతాడే" అన్నాడు. ఆయన ఇంట్లో తింటూ ఆయన మాట ఎలా కాదనను? షీటు, పెట్టె కొలతలు, పగిలిన సీసాల ఫొటోలు జత చేస్తున్నాను.

— పేరు వద్దన్న పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అడిగేవాళ్లు ఉంటారండీ. నేనే అడిగేవాణ్ని. చెన్నై అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీకి పదకొండేళ్లు ప్యాకింగ్ సామాను కొన్నాను. సప్లయరు వచ్చి డ్యామేజీ ఇంత తగ్గించామని కాగితం పెడితే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అదే టైములో ఇంకేం మార్చారు సార్?" జవాబు తెలిసినవాడు వెంటనే చెప్పేవాడు. తెలియనివాడు టీ గ్లాసు కింద పెట్టి ఫోను చూసుకునేవాడు. మీ బాబాయి పోస్టు ఎవరి కోసమో, వాళ్లు ఈ బాపతు మనుషులే. అది చదివేది పచ్చళ్లు కొనేవాళ్లు కాదు, పెట్టెలు కొనేవాళ్లు.

అందుకని బాబాయితో మాట సంగతి తర్వాత చూద్దాం. ముందు షీటులో ఏముందో తేలాలి.

బాబాయి లెక్క పూర్తిగా కల్పితమేం కాదు. పగిలినవి నూటికి 7 నుంచి 1.5కి వచ్చాయి. ఆ తగ్గుదల 80 శాతానికి దగ్గరే. చిక్కంతా "రిటర్నులు" అన్న మాట దగ్గరే ఉంది. రిటర్నులు నూటికి 13 నుంచి 6.5కి వచ్చాయి, అంటే సగమయ్యాయి. మిగతా సగంలో ఏముందో షీటులో నాలుగో కాలమ్ చూడండి. క్యాష్ ఆన్ డెలివరీ పార్శిలును తలుపు దగ్గరే వద్దన్నవి మొదట్లో 96, తర్వాత 91. తప్పు అడ్రసు, ఆలస్యం, రుచి నచ్చకపోవడం లాంటివి 48, తర్వాత 39. డబ్బు కట్టనని తలుపేసుకున్న మనిషిని ఏ పెట్టె మాత్రం ఆపుతుంది? కొరియర్ వాళ్లు ఆర్టీఓ, అంటే రిటర్న్ టు ఆరిజిన్, అని రాసే ఈ బాపతును, పగిలి వచ్చినవాటిని ఒకే మాట కింద కలిపేస్తే, రేపు వచ్చే క్లయింటు తన ఆర్టీఓలు కూడా 80 శాతం తగ్గుతాయనుకుంటాడు. ఆర్డరు కాగితంలో ఆ మాట రాయమన్నా రాయమంటాడు. అప్పుడు ఇరుక్కునేది మీ బాబాయే.

ఇప్పుడు కొరియర్ సంగతి. షీటులో పిన్‌కోడ్లు ఉన్నాయి కాబట్టి మన అదృష్టం బాగున్నట్టే. నేను రెండు కుప్పలుగా విడదీశాను. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ పార్శిళ్లకు ముందూ తర్వాతా కొరియర్ ఒకటే. అక్కడ మొదట 1,500 వెళ్తే 75 పగిలాయి, అంటే నూటికి 5. పెట్టె మారాక 1,600 వెళ్తే 27, అంటే నూటికి 1.7. ఉత్తరాదికి మొదట 900 వెళ్తే 93 పగిలాయి, నూటికి పదికి పైనే. తర్వాత 1,000కి 12. ఈ రెండో కుప్పలో పెట్టె వాటా ఎంతో, కొత్త కొరియర్ వాటా ఎంతో విడదీయడం ఎవరి తరమూ కాదు. మొదటి కుప్పలో మాత్రం మారిందల్లా మీ పెట్టే. నూటికి 5 నుంచి 1.7, అంటే మూడింట రెండు వంతులు తగ్గింది. "ఇంకేం మార్చారు" అని నాలాంటివాడు అడిగినా నిలబడే అంకె మీ చేతిలో ఇదొక్కటే.

నిలబడే అంకె అన్నానే గానీ, అక్కనొక మాట అడిగాకే వాడండి. అన్‌బాక్సింగ్ వీడియో ఉంటేనే ఫిర్యాదు తీసుకుంటామన్న రూలు వాళ్లు పెట్టారా? పెడితే ఎప్పటి నుంచి? ఆహార పదార్థాలు అమ్మే చాలామంది ఇప్పుడు ఈ రూలు పెడుతున్నారు. అది జులైలో వచ్చి ఉంటే, సీసా పగిలినా వీడియో లేక ఊరుకున్నవాళ్లు షీటులోకి రారు. పెట్టెలో ఏ మార్పూ లేకుండానే అంకె పడిపోతుంది. అలాంటప్పుడు ఒప్పుకున్న క్లెయిములు కాకుండా, వాట్సాప్‌కీ మెయిల్‌కీ వచ్చిన ఫిర్యాదులన్నీ, తోసిపుచ్చినవాటితో సహా, లెక్కపెట్టమనండి.

ఇక ఫొటోలు. నాకు అంకెలకన్నా ఇవే ఎక్కువ నచ్చాయి, మీ అసలు కథ వీటిలోనే ఉంది. సీసా ఎక్కడ పగిలిందో చూస్తే దెబ్బ ఎటు నుంచి తగిలిందో చాలావరకు తెలిసిపోతుంది. అడుగు ఊడితే పెట్టె నిలువుగా పడిందని, కింద మెత్త చాల్లేదని అర్థం. మెడ దగ్గర విరిగి మూత వంగితే దెబ్బ పైనుంచి తగిలింది. మీ పాత ప్యాకింగ్ ఫొటోలు పద్నాలుగింటిలో పదకొండు చోట్ల పగులు సీసా పొట్ట మీద ఉంది, అదీ పక్క సీసా వైపు. రెండింటికీ ఒకే ఎత్తులో గుండ్రటి మచ్చ, దాని నుంచి సాలెగూడులా చీలికలు. అంటే నేల పగలగొట్టలేదు, సీసాలే ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. బబుల్ రోల్ మొదటి రెండు దెబ్బలకు కాస్తుంది. తర్వాత బుడగలు చిట్లి, మిగిలేది ఉత్త ప్లాస్టిక్ కాగితం. హబ్బుల్లో పార్శిలు పడేది ఒక్కసారి కాదు కదా.

ఇలా చూస్తే సీసాలను కాపాడింది ప్రధానంగా పార్టిషన్, తర్వాత ప్యాడ్లు. ఫైవ్ ప్లై వాటా తక్కువనే నా అంచనా. గోడ మందంగా ఉంటే ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పెట్టె అణగదు. లోపల గాజూ గాజూ కొట్టుకోకుండా చూసేది మాత్రం మధ్యలో ఉన్న అట్ట. మీ బాబాయికి ఈ మాట రుచించకపోవచ్చు, ఫైవ్ ప్లైలో ఆయనకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి. కానీ పోస్టులో "ఫైవ్ ప్లైకి మారడం వల్ల" అని రాస్తే తెలిసిన కొనుగోలుదారు అక్కడే ఆగిపోతాడు.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి. ఇది క్లయింటు సార్ కంటికి మీకంటే ముందు పడితే పోస్టు మొత్తం తిరగబడుతుంది.

మీరు పంపిన కొలతలు 27×19×16 సెంటీమీటర్లు. అవి లోపలి కొలతలు. పెట్టెలు చేసేవాళ్లు ఎప్పుడూ లోపలి కొలతే చెబుతారు, కొరియర్ వాడు మాత్రం బయట టేపు పెడతాడు. మీ ఫైవ్ ప్లై అర సెంటీమీటరు మందం అనుకుంటే పొడవుకూ వెడల్పుకూ ఒక్కో సెంటీమీటరు కలపాలి. ఎత్తులో మూత రెక్కలు కింద రెండు వరసలు, పైన రెండు వరసలు కాబట్టి రెండు సెంటీమీటర్లు కలపాలి. అప్పుడు బయటి కొలత 28×20×18. చాలా కొరియర్లు ఈ మూడింటినీ గుణించి 5000తో భాగించి, వచ్చినదాన్ని బరువుగా లెక్కిస్తాయి. అసలు తూకం, ఈ లెక్క రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. 10,080ని 5000తో భాగిస్తే 2.016 కిలోలు. మీ పార్శిలు అసలు తూకం 1.9 లోపే, పాత చిన్న పెట్టెలో అది 2 కిలోల స్లాబులోనే పోయేది. ఇప్పుడు పదహారు గ్రాముల కోసం రెండున్నర కిలోల స్లాబులో పడుతోంది.

దీని విలువ ఎంతో చూద్దాం. షీటులో అక్క ఒక పగిలిన పార్శిలు నష్టం 520 రూపాయలని వేసింది. సరుకు, మళ్లీ పంపే ఖర్చు అన్నీ కలిపి. కొరియర్ మారని దారుల్లో నూరు పార్శిళ్లకు 3.3 తక్కువ పగిలాయి, అంటే సుమారు 1,700 మిగిలాయి. పెట్టె మీద పెరిగిన 13 రూపాయలు నూరింటికి 1,300. మిగిలేది నాలుగొందలు. ఉత్తరాదితో సహా మొత్తం ఘనత పెట్టెకే కట్టబెట్టినా మిగిలేది పదిహేను వందల పైచిలుకు. ఇప్పుడు అర కిలో స్లాబుకు 20 రూపాయలే అనుకోండి, నూరింటికి 2,000. ఏ లెక్కన చూసినా క్లయింటు జేబుకు చిల్లే. "రిటర్నులు 80 శాతం తగ్గించాం" అని వాళ్ల పేరుతో పోస్టు పెట్టిన వారానికి వాళ్ల అకౌంట్స్ మనిషి కొరియర్ ఇన్‌వాయిస్ తీసి చూపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అందుకని ఇన్‌వాయిస్‌లో "చార్జ్డ్ వెయిట్" కాలమ్ ఏం చెబుతోందో అక్కను అడగండి. రెండు అని ఉంటే కొరియర్ ఇంకా టేపు పెట్టలేదన్నమాట, ఏదో ఒక రోజు పెడతాడు. రెండున్నర అని ఉంటే ఈ వారమే సరిచేయాలి. వెడల్పు అర సెంటీమీటరు తగ్గిస్తే 1.97కి దిగుతుంది. ఎత్తు జోలికి వెళ్లకండి, కిందా పైనా ఉన్న ప్యాడ్లు ఇప్పటికే పలచన. ఇంకో దారి, పార్టిషనూ ప్యాడ్లూ అలాగే ఉంచి గోడను త్రీ ప్లైకి తేవడం. మూడు మిల్లీమీటర్ల గోడతో అదే లోపలి కొలత 1.86 దగ్గర ఆగుతుంది, పెట్టె ధరా తగ్గుతుంది. కాకపోతే పరీక్షించకుండా మార్చొద్దు. వానాకాలపు తేమకు క్రాఫ్ట్ కాగితం పట్టు బాగా సడలుతుంది, చెన్నై వైపు వెళ్లే పార్శిళ్లకు ఆ భయం ఇంకా ఎక్కువ.

పరీక్షకు పెద్ద ల్యాబు అక్కర్లేదు. రవాణా ప్యాకింగ్ పరీక్షలకు పద్ధతులు రాసే ఇస్టా అనే సంస్థ 1ఏ పద్ధతిలో ఈ బరువు పార్శిలును 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదిసార్లు వేస్తారు. ఒక మూల మీద, ఆ మూలకు కలిసే మూడు అంచుల మీద, తర్వాత ఆరు ముఖాల మీద. 76 సెంటీమీటర్లంటే ఇంచుమించు మన భోజనాల బల్ల ఎత్తు. అసలు సీసాల్లో అసలు బరువు నింపి, గట్టి సిమెంటు నేల మీద, పాత ప్యాకింగ్ మూడు, కొత్తది మూడు, త్రీ ప్లైది మూడు వేసి ఫోనులో వీడియో తీయండి. సీసాలు మాత్రం మూతల మీద పేరు లేనివి వాడండి. ఇది సర్టిఫికెట్ కాదు కాబట్టి "ఇస్టా సర్టిఫైడ్" అనకూడదు. "ఇస్టా 1ఏ వరసలో మా షెడ్డులో మేమే వేసి చూశాం" అనొచ్చు.

ఇక పోస్టు. మీ ముందు నాలుగు దారులున్నాయి.

బాబాయి చెప్పినట్టే పెడితే ఇంట్లో శాంతి, సోమవారం వరకు. ఆ తర్వాత అక్క ఉద్యోగం గాలిలో దీపం. నమ్మి ఇచ్చిన షీటు అలా బయటపడితే ఆ కంపెనీ నుంచే కాదు, ఆవిడ తర్వాత ఏ కంపెనీకి మారినా అక్కణ్నుంచీ మీకు ఇంకో అంకె రాదు.

పేరు పెట్టాలనే బాబాయి పట్టుబడితే, వాళ్ల సార్‌కు అధికారికంగా మెయిలు రాసి, పోస్టు పాఠమంతా చూపించి, రాతపూర్వకంగా సరేననిపించుకోవాలి. ఈ మెయిలు బాబాయే రాయాలి, అక్క పంపిన షీటు ప్రస్తావన అందులో ఉండకూడదు. "మీ డ్యామేజీ వివరాలు మీరే ఇస్తే వాడుకుంటాం" అని అడగాలి. పచ్చళ్ల కంపెనీ ఏదీ తన సీసాలు నూటికి ఏడు పగిలేవని ఊరంతా చెప్పుకోదు కాబట్టి జవాబు రాకపోవచ్చు. వస్తే మాత్రం దాన్ని మించినది లేదు.

మూడోది, పేరు లేకుండా అంకెతో. దీనికీ అక్క ఊ అనాలి, ఎందుకంటే అంకె ఆవిడది. జాగ్రత్త కూడా కావాలి. "బెంగళూరులో పచ్చళ్లు అమ్మే బ్రాండ్" అంటే ఈ ఊళ్లో పోల్చుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు. "గాజు సీసాల్లో ఆహారం అమ్మే ఒక బ్రాండ్" అనండి చాలు. 2,400, 2,600 లాంటి మొత్తాలు వేయకండి. అవి వాళ్ల రెండేసి నెలల అమ్మకాలు, పోటీదారుకు ఊరకే అందినట్టు. నూటికి ఇన్ని అని మాత్రమే రాయండి.

నాలుగోది, క్లయింటు అంకె ఏదీ లేకుండా, మీ షెడ్డు వీడియోతో. అక్క వద్దన్నా ఇది మీ చేతిలోనే ఉంటుంది. శాతం లేదని బాబాయి మొహం ముడుచుకోవచ్చు. కొనేవాడిగా చెబుతున్నాను, శాతం కన్నా నేను ఆ వీడియోనే రెండుసార్లు చూస్తాను.

నా మొగ్గు మూడో దానికి, కుదరకపోతే నాలుగోదానికి. లింక్డ్ఇన్‌లో మొదటి రెండు మూడు లైన్లే కనబడి మిగతాది మడతలో పోతుంది కాబట్టి అసలు సంగతి పైనే ఉండాలి. ఈ ధోరణిలో రాసుకుని ఇంగ్లీషులోకి మార్చుకోండి:

"పగిలిన పద్నాలుగు సీసాల ఫొటోలు చూశాం. పదకొండింటిలో పగులు పక్క సీసా వైపే ఉంది. అంటే పగలగొట్టింది నేల కాదు, పక్క సీసా. మధ్యలో అట్ట పార్టిషన్, కిందా పైనా ప్యాడ్లు పెట్టాం. కొరియర్ మారని దారుల్లో, రెండేసి నెలల లెక్కలో, పగిలినవి నూటికి 5 నుంచి 1.7కి తగ్గాయి. మిగతా దారుల్లో అదే సమయంలో కొరియర్ కూడా మారింది కాబట్టి ఆ అంకెలు ఇక్కడ చెప్పడం లేదు. క్యాష్ ఆన్ డెలివరీ తిరస్కరణలకు పెట్టెతో సంబంధం లేదు, అవీ కలపలేదు."

చివరి రెండు వాక్యాలు తీసేయమని బాబాయి అంటాడు. అవి ఉంచడానికే గట్టిగా మాట్లాడండి. ఫోను ఎత్తించే వాక్యాలు అవే.

ఆయనతో మాట ఎలా అంటారా? "నువ్వు చెప్పింది తప్పు బాబాయ్" అని మొదలుపెట్టకండి. భోజనాల దగ్గర అసలే వద్దు, పిన్ని మధ్యలో నలుగుతుంది. షెడ్డులో, టేపు చేతిలో పట్టుకుని, ఒక పెట్టె మడిచి బయటి కొలత ఆయన చేతే కొలిపించండి. 2.016 అని ఆయన నోటితోనే రానివ్వండి. పెట్టెలు చేసే మనిషికి శాతాల మీద పట్టింపు ఉండకపోవచ్చు గానీ అర సెంటీమీటరు మీద ఉంటుంది. ఆ కొలతతో క్లయింటు దగ్గరికి ఆయనే వెళ్లి "మీ కొరియర్ బిల్లు తగ్గించే మార్పు తెచ్చాను" అనగలిగితే, పోస్టుకు అనుమతి అడగడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. సోమవారం కాస్తా పై సోమవారం అవుతుంది, అంతే.

ఈలోగా పోస్టు పాఠం ముందు అక్కకు పంపండి, బాబాయికి తర్వాత.